పుర్రె చెప్పని చోట ముఖాన్ని ఎలా మలచాలి?

హైదరాబాద్‌లో శిల్పం పని చేస్తాను. పుర్రె ఆధారంగా ముఖాన్ని పునర్నిర్మించడం సాధన చేస్తున్నాను. ఒక మిత్రుడి బంధువు అనుమతితో, ఆయన సీటీ స్కాన్ నుంచి ముద్రించిన పుర్రె నమూనాను తీసుకున్నాను. ఆ బంధువు ఎవరో, ఎలా ఉంటారో ముందుగా నాకు చెప్పలేదు.

సగటు కణజాల మందం ప్రకారం పుర్రెపై కొలత పుల్లలు అతికించి, వాటి మధ్య మట్టి నింపాను. కనుబొమల మధ్య సుమారు 5 మిల్లీమీటర్ల మందం పెట్టాను. పుర్రెలో ముక్కు రంధ్రం వెడల్పు 24 మిల్లీమీటర్లు ఉంది. అది ముక్కు వెడల్పులో అయిదింట మూడు వంతులనే పాత సూత్రంతో 40 మిల్లీమీటర్ల ముక్కు చేశాను.

తరవాత ఆయన ఫొటో చూశాను. నుదురు, దవడ, ముఖం పొడవు చక్కగా కుదిరాయి. కానీ ఆయన బుగ్గలు నేను చేసినవాటికంటే బాగా నిండుగా ఉన్నాయి, పెదవులు పలచన, ముక్కు కొన కిందికి వాలింది. బుగ్గ మందం శరీర బరువుతో చాలా మారుతుంది, పెదవుల మందం, చెవి తమ్మె ఎముకపై స్పష్టమైన గుర్తు వదలవు. సగటు అంటే చాలామందిది, ఈ ఒక్కరిది కాదు కదా!

గుర్తు తెలియని మృతుల కేసుల్లో పనిచేసినవారిని అడుగుతున్నాను. బరువు తెలియనప్పుడు సన్నగా, మధ్యస్థంగా, లావుగా మూడు రూపాలు ఇస్తారా, ఒకటే ఇస్తారా? పెదవులు, జుట్టు కావాలనే అస్పష్టంగా ఉంచుతారా? మరీ స్పష్టమైన ముక్కు చూసి, "మావాడి ముక్కు ఇది కాదు" అని కన్నవారే వెనుదిరుగుతారేమోనని నా భయం. దక్షిణ భారతీయుల కణజాల కొలతలు ఎక్కడ దొరుకుతాయో కూడా దయచేసి చెప్పండి.