ద్విపద నడుమ ‘ను’ పిల్లల నోట తిరగట్లేదు, ఏం చేద్దాం?

పద్యాల పిన్ని: వారధి దగ్గర ఉడుత కథని పిల్లలు కంఠతా పట్టేలా ద్విపదలో రాస్తున్నాను. మొదటి రెండు పాదాలు ఇవీ:

ఉడుత యొక్కటి వచ్చె నుదధి తీరమున
వడివడి నీటిలో బడి లేచి పొరలె

మొదటిది నా సొంతమో ఎక్కడైనా విన్నదో కూడా తెలియట్లేదు, అంత తేలిగ్గా వచ్చేసింది. మీకెవరికైనా తగిలిందా? ఇంకో చిక్కు ఏమిటంటే, పిల్లలు ‘వచ్చె’ దగ్గర ఊపిరి తీసుకుని ‘నుదధి’ అని మొదలుపెడుతున్నారు. ఒకడైతే “నుదధి అంటే ఏంటి టీచర్” అన్నాడు. అక్కడ ‘ను’ తీసేసి ‘వచ్చె ఉదధి’ అని రాస్తే తప్పా?

గోదారి గట్టు: అమ్మా, అసలు అక్కడ యతే కుదరలేదు కదా. పాదం మొదట ‘ఉ’, మూడో గణం మొదట ‘ను’. ఉ కి న కి మైత్రి ఎక్కడిది? ‘ను’ తీసేయడమే మంచిది, అప్పుడు ఉ–ఉ సరిపోతుంది.

పాలమూరు మాస్టారు: తీసేయమన్న సలహా సంగతి తర్వాత చూద్దాం, కారణం మాత్రం సరికాదు తమ్ముడూ. వచ్చెన్ + ఉదధి. ద్రుతం వచ్చి అచ్చు మీద కూర్చున్నా యతి లెక్క అచ్చుకే. ఇంతకన్నా లోపల దాక్కున్న యతి కావాలంటే పాల్కురికి సోమన బసవపురాణం మొదట్లోనే ఉంది: “ఉరుతర గద్యపద్యోక్తుల కంటె”. గణాలు విడదీసి చూడు, మూడో గణం ‘ద్యో’తో మొదలవుతుంది. పద్య + ఉక్తులలో కలిసిపోయిన ఉ కి అక్కడ యతి. ఇక ఈ ‘ను’ ఏపాటిది!

గోదారి గట్టు: సరే మాస్టారూ, ‘ద్యో’ సంస్కృత సంధి. తెలుగు ద్రుతానికీ అదే న్యాయం ఎలా?

పాలమూరు మాస్టారు: ఏ ప్రబంధం తీసినా పుటకొకటి దొరుకుతుంది, వెతుక్కో. సోమన మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఆ ద్విపదలోనే తరవాతి పాదాల్లో “చర్చింపగా సర్వసామాన్యమగుట గూర్చెద ద్విపదలు” అంటాడు. అందరికీ అందాలని ద్విపద ఎంచుకున్న మనిషి యతిని ఉక్తుల లోపల దాచాడు! ఆయన కాలంలో పాడేవాళ్ళు ఎక్కడ ఆపేవాళ్ళో వినాలని ఉంటుంది నాకు.

చిన్నన్న భక్తుడు: సోమన సంగతి ఒప్పుకుంటాను గానీ పిల్లల నోటికి నడక కావాలంటే తాళ్ళపాక చిన్నన్న దగ్గరికే వెళ్ళాలి. పరమయోగి విలాసం చదువుతుంటే ఎక్కడా నాలుక తడబడదు. “చిన్నన్న ద్విపద కెఱగును” అన్న చాటువు ఊరికే పుట్టలేదు.

పాలమూరు మాస్టారు: ఆ ‘ఎఱగును’ మీద ఇంకో దారం తెరవండి, అక్కడ కొట్టుకుందాం.

డల్లాస్ నాన్న: మా పాపకి ఇక్కడ తెలుగు బడిలో ఉడుత పద్యమే ఇచ్చారు. తను ‘ఉడుతొక్కటి వచ్చె’ అని పాడేస్తోంది. చప్పట్లు కొడుతుంటే తాళం కుంటుతోంది, ఎందుకో తెలియట్లేదు. పద్యంలో తప్పా, పాపలో తప్పా?

పద్యాల పిన్ని: పాప మాట్లాడే తెలుగు మాట్లాడుతోంది, తప్పేం లేదు. కాకపోతే ఒక అక్షరం మింగేసింది. ‘ఉడుతొక్క’ దాకా ఒక గణం వస్తుంది, తరవాత మిగిలిన ‘టివచ్చె’ లఘువు–గురువు–లఘువు. అది ఇంద్రగణాల్లో లేదు, అందుకే అక్కడ చప్పట్లు జారిపోతాయి. ‘ఉడుత’ అని ఆపి ‘ఒక్కటి’ అనిపించండి, సరిపోతుంది. అచ్చుతో మొదలయ్యే మాటలతో ఇదే గొడవ, రాసింది ఒకటి, నోట పలికేది ఇంకొకటి.

హార్మోనియం మల్లన్న: నేను ఛందస్సు పండితుణ్ణి కాను, భజన మండలిలో పిల్లలకి పాడిస్తాను. నాకు తోచింది చెప్తా. ద్విపద పాదాన్ని పిల్లలు సగానికి విరిచి పాడతారు, రెండు గణాలు, ఊపిరి, రెండు గణాలు. ఆ ఊపిరి సరిగ్గా మీ యతి స్థానం దగ్గరే పడుతుంది. పాదం అచ్చుతో మొదలైతే సగంలో కూడా అచ్చే రావాలి. దాని ముందు క్రియ ఉందంటే ద్రుతమో యకారమో వచ్చి అంటుకుంటుంది. విరిచే చోటే అతికించినట్టు అవుతుంది. అందుకే పిల్లలకి రాసేటప్పుడు పాదాన్ని హల్లుతో మొదలుపెట్టండి. పిన్నిగారి రెండో పాదంలో ఈ బాధ లేదు చూడండి, ‘వడివడి నీటిలో’, ఊపిరి, ‘బడి లేచి పొరలె’.

గోదారి గట్టు: వ కి బ?

పాలమూరు మాస్టారు: చెల్లుతుంది.

పద్యాల పిన్ని: మల్లన్నగారూ, అసలు మందు దొరికినట్టుంది! ‘ను’ ఉంచాలా తీయాలా అని కొట్టుకోవడం కన్నా ఆ పరిస్థితే రాకుండా రాస్తే పోలా. ఇలా మార్చాను:

చిన్నారి ఉడుతమ్మ చెంగున వచ్చె
మున్నీట మునిగింది ముమ్మారు లేచి

ఇసుక తరవాత రాముడు వచ్చే చోట:

రాముడు చూచెను రమ్మని పిలిచె
ప్రేమతో వీపున వేళ్ళతో నిమిరె

రెండోది మాత్రం ఒక్కసారి వినగానే పిల్లలకి వచ్చేసింది.

చిన్నన్న భక్తుడు: ‘వేళ్ళతో నిమిరె’ బాగుంది. ‘మున్నీట’ మాత్రం పిల్లలకి కొరుకుడు పడదు. ‘ఉదధి’ వద్దని ‘మున్నీరు’ తెచ్చారు, పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు. పైగా ‘ముమ్మారు లేచి’ అని అసమాపక క్రియతో ఆగారు, లేచి ఏం చేసింది?

పద్యాల పిన్ని: లేచి ఇసుకలో పొర్లింది, తరవాతి ద్విపదలో వస్తుంది. ‘మున్నీరు’ ఒక్క మాట నేర్పుకుంటే ఏమైపోతుంది? ఒక పద్యానికి ఒక కొత్త మాట ఉండాలి నా లెక్కలో.

కొత్త సభ్యుడు: ఈ కథ వాల్మీకి రామాయణంలో ఏ సర్గలో ఉంది? శ్లోకం దొరికితే పంపగలరు.

పాలమూరు మాస్టారు: వాల్మీకంలో లేదు నాయనా. మన తెలుగులో రంగనాథ రామాయణంలో ఉంది, అది కూడా ద్విపదే. పిన్నిగారికి మొదటి పాదం ‘విన్నట్టు’ అనిపించడానికి అదే కారణం కావచ్చు, ఆ కథ ఆ నడకలోనే మన చెవుల్లో ఉండిపోయింది. అలాగని ఆ పాదం అక్కడ ఉందని నేను అనట్లేదు.

పద్యాల పిన్ని: ముగింపు ద్విపద సగంలో ఆగింది. ‘మూడు గీతలు నాడు ముద్దుగా నిలిచె’ వరకూ వచ్చింది. రెండో పాదానికి డ ప్రాస, మొదట గురువు కావాలి.

గోదారి గట్టు: ‘చూడుము నేటికీ చోద్యమా గుర్తు’. చూ కి చో, ఈసారి యతి నేనే సరిచూసుకున్నా.

చిన్నన్న భక్తుడు: యతి సరే, ‘చోద్యమా’ అంటే ప్రశ్నలా వినపడుతోంది. చోద్యము, ఆ గుర్తు అని ఎవడు విడదీసుకుంటాడు? మళ్ళీ సంధి దగ్గరికే వచ్చాం.

డల్లాస్ నాన్న: మధ్యలో ఒక సందేహం. ఢిల్లీలో చూసిన ఉడుతకి ఐదు గీతలున్నాయని మా పాప అంటోంది. అది వేరే జాతా, లేక రాముడు అక్కడ రెండు చేతులూ వాడాడా?

పాలమూరు మాస్టారు: వేరే జాతి. ఉత్తరాదిన కనపడేది ఐదు గీతల ఉడుత, మన దక్షిణాన మూడు గీతలది. పాపకి నా తరఫున శభాష్ చెప్పండి. ‘ఐదు గీతలు’ అని మార్చారంటే మాత్రం ‘ముద్దుగా’కి యతి పోతుంది, ఆ పాదం మళ్ళీ అచ్చుతో మొదలవుతుంది, మల్లన్నగారు ఒప్పుకోరు.