ప్రతి అంకె మళ్లీ చూడాల్సిందేనా? టోటల్ కలిస్తే చాలదా?

కొత్తగా చేరాను, హైదరాబాద్

ఒక కంపెనీ అకౌంట్స్‌లో ఈ మధ్యే చేరాను. మా ఫైనాన్స్ హెడ్ కొత్తవాళ్లందరినీ కూర్చోబెట్టి చాలాసేపు ఒకే మాట చెప్పారు: ఏ రిటర్న్ అయినా సబ్మిట్ కొట్టే ముందు ప్రతి అంకె మళ్లీ చూడాలి, టోటల్ కలిసిందని వదలొద్దు. నెలకు నాలుగైదు వందల ఇన్వాయిస్‌లు అమ్మకాల రిటర్న్ అయిన జీఎస్టీఆర్-1లోకి వెళ్తాయి. 11వ తేదీ లోపు ఇవన్నీ మళ్లీ చూడటం జరిగే పనేనా? సీనియర్లు చెప్పండి.

లెక్కల పెద్దాయన, రాజమండ్రి

జరిగే పని కాదు బాబూ, అవసరమూ లేదు. టోటల్ కలిసిందంటే లెక్క సరిగ్గా ఉన్నట్టే. కలవకపోతే వెతకడానికి పద్ధతులున్నాయి. తేడాని 9తో భాగించు. శేషం లేకుండా తెగితే పక్కపక్క అంకెలు తారుమారై ఉండొచ్చు. 63,540 కొట్టాల్సిన చోట 65,340 కొడితే తేడా 1,800, అది 9తో తెగుతుంది. 9తో తెగకపోతే సగం చేసి ఆ మొత్తం కోసం చూడు, డెబిట్‌లో పడాల్సింది క్రెడిట్‌లో పడి ఉండొచ్చు. కాగితపు లెడ్జర్ల రోజుల నుంచి ఇలాగే పట్టుకుంటున్నాం. పైగా ఇప్పుడు ఈ-ఇన్వాయిస్ ఉంది, తప్పు నంబరు కొడితే పోర్టలే తీసుకోదు. పెద్ద బిల్లులు ఒకసారి చూసుకుంటే సరిపోతుంది. ఆడిటర్లు కూడా శాంపిలే చూస్తారు కదా.

విజయవాడ ఆడిటర్

పెద్దాయన గారి 9 పద్ధతి నిజమే, నేనూ వాడతాను. కానీ అది తేడా వచ్చినప్పుడే పనికొస్తుంది. ఆ హెడ్ గారు భయపడుతున్నది తేడా రాని తప్పుల గురించి. ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను.

మీ కంపెనీ తెలంగాణలో రిజిస్టర్ అయింది. కొనే కంపెనీకి హైదరాబాద్‌లో, విజయవాడలో రెండు చోట్లా రిజిస్ట్రేషన్ ఉంది. రెండింటికీ పాన్ ఒక్కటే కాబట్టి వాళ్ల జీఎస్టీ నంబర్లలో ఆ పది అక్షరాలూ ఒకేలా ఉంటాయి. మొదట్లో ఉండే రాష్ట్రం కోడ్ మాత్రం హైదరాబాద్‌దానికి 36, విజయవాడదానికి 37. చివర ఉండే అక్షరం సరిచూసే అక్షరం కాబట్టి నంబరు తప్పు కొడితే పోర్టల్ చాలావరకు పట్టేస్తుంది. కానీ ఇక్కడ ఎవరూ తప్పు కొట్టలేదు. లిస్టులో 37 బదులు 36 ఎంచుకున్నారు, అంతే. అది కూడా నిఖార్సయిన నంబరే, ఈ-ఇన్వాయిస్ కూడా వచ్చేస్తుంది.

ఇప్పుడు టోటల్ చూడండి. సరుకు విలువ 4,50,000. 18 శాతం లెక్కన పన్ను 81,000. విజయవాడ యూనిట్‌కి అయితే వేరే రాష్ట్రానికి అమ్మినట్టు, అంతా ఐజీఎస్టీ. హైదరాబాద్ నంబరు పడింది కాబట్టి రాష్ట్రంలోపలి అమ్మకం అనుకుని సాఫ్ట్‌వేర్ 40,500 సీజీఎస్టీ, 40,500 ఎస్‌జీఎస్టీ వేసింది. పన్ను మొత్తం అదే 81,000, బిల్లు మొత్తం అదే 5,31,000. కస్టమర్ ఖాతా కలుస్తుంది, బ్యాంకు కలుస్తుంది, సేల్స్ రిజిస్టర్ కలుస్తుంది. ఎన్నిసార్లు కూడినా కలుస్తుంది.

బయటపడేది 14వ తేదీ తర్వాత, కొన్నవాళ్లకి వచ్చే పన్ను క్రెడిట్ చూపించే జీఎస్టీఆర్-2బీలో విజయవాడ వాళ్లకి మీ బిల్లు కనపడనప్పుడు. వాళ్లకు క్రెడిట్ రాదు, మీ పేమెంట్‌లో ఆ 81,000 ఆపేస్తారు. 2024 నుంచి జీఎస్టీఆర్-1ఏ ఉంది, పన్ను కట్టే రిటర్న్ జీఎస్టీఆర్-3బీ వేసేలోపు చాలా తప్పులు అందులో దిద్దుకోవచ్చు. కొన్నవాళ్ల జీఎస్టీ నంబరు మాత్రం అందులో మార్చనివ్వదు. అది తర్వాతి నెల జీఎస్టీఆర్-1లో సవరణగా వెళ్లాల్సిందే. 3బీ కూడా వెళ్లిపోతే పన్ను తప్పు ఖాతాలో కట్టినట్టే. సరైన ఐజీఎస్టీ కట్టి, ముందు కట్టింది రీఫండ్ అడగాలి. దీనికి వడ్డీ పడదు, రెండేళ్ల లోపు అడగొచ్చు. కానీ అన్నాళ్లూ ఇరుక్కునేది మీ డబ్బే.

అందుకే మళ్లీ చూడటమంటే మళ్లీ కూడటం అనుకోవద్దు. మీ సాఫ్ట్‌వేర్ షీట్‌ని అదే సాఫ్ట్‌వేర్ లెడ్జర్‌తో పోలిస్తే తప్పు రెండు చోట్లా ఒకేలా ఉంటుంది. కస్టమర్ పంపిన పర్చేజ్ ఆర్డర్ పక్కన పెట్టుకుని ప్రతి లైనుకీ జీఎస్టీ నంబరు, సప్లై రాష్ట్రం, పన్ను రేటు చూడండి. ఇవి సరిగ్గా ఉంటే మొత్తాల్ని మెషిన్ లెక్కేసుకుంటుంది.

మణి, నెల్లూరు

ఇంత టెన్షన్ ఎందుకండీ? మా క్లయింట్ ఒకరు ట్రాన్స్‌పోర్టర్‌కి టీడీఎస్ కట్టి వేరే పాన్ వేశారు. ఆ ట్రాన్స్‌పోర్టర్ పేరు మీద జమైన పన్ను చూపించే 26ఏఎస్‌లో డబ్బు కనపడక ఆయన గొడవ చేశారు. కరెక్షన్ స్టేట్‌మెంట్ వేశాం, సరిపోయింది. రిటర్న్ రివైజ్ చేసుకోవచ్చు కదా, ముందే ఇంత కంగారు అక్కర్లేదు.

విజయవాడ ఆడిటర్

మణి గారూ, టీడీఎస్‌లో ఆ వెసులుబాటు ఉంది. జీఎస్టీఆర్-3బీకి రివైజ్ అనేదే లేదు. ఒకసారి వేశాక తేడాని తర్వాతి నెలల్లో సర్దుకోవాలి, పన్ను తక్కువ కట్టి ఉంటే 18 శాతం వడ్డీ. ఆ సర్దుబాటుకీ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 దాకానే గడువు. అడిగిన అమ్మాయో అబ్బాయో పని చేస్తున్నది జీఎస్టీ మీద.

న్యూజెర్సీ నుంచి

ఎవరు చూడాలన్నది కూడా ముఖ్యమే అనిపిస్తుంది. రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు 2010లో ఒక పేపర్ రాశారు. అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం అన్నారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ వాళ్ల అసలు షీట్ తెప్పించుకుని చూస్తే సగటు ఫార్ములా ఇలా ఉంది:

```
=AVERAGE(L30:L44)
```

వరుసలు 49 దాకా ఉన్నాయి. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకే రాలేదు. హెర్న్‌డన్, ఆయన ప్రొఫెసర్లు తిరిగి వేస్తే 2.2 శాతం వచ్చింది. తేడా అంతా ఈ ఫార్ములా వల్లే కాదు, కొన్ని సంవత్సరాల డేటా వదిలేయడం, సగటు తీసిన పద్ధతి కూడా కారణాలు. కానీ రాసినవాళ్ల కంటికి మూడేళ్లు ఆనని వరుసలు, షీట్ మొదటిసారి తెరిచినవాడికి ఆనాయి. షీట్ చేసినవాళ్లు ఎంత జాగ్రత్తపరులైనా తమ ఫార్ములాని నమ్మే చదువుతారు.

లెక్కల పెద్దాయన, రాజమండ్రి

36, 37 సంగతి ఒప్పుకుంటున్నాను, టోటల్ దాన్ని పట్టలేదు. కానీ ఆడిటర్ గారూ, నాలుగొందల పర్చేజ్ ఆర్డర్లు ఎవరు తెరుస్తారు? చిన్న ఆఫీసులో ఇద్దరుంటారు. ఒక రాష్ట్రంలోనే రిజిస్ట్రేషన్ ఉన్న కస్టమర్‌కి ఈ చిక్కే రాదు. ఒకే పాన్‌తో రెండు మూడు నంబర్లున్న కస్టమర్లని విడదీసి వాళ్లవి మాత్రం ఒక్కటీ వదలకుండా చూడమని చెప్పండి. ప్రతి అంకె అంటే కుర్రాళ్లు అలిసిపోయి చివరి వంద లైన్లు చూడకుండానే టిక్ కొడతారు. ఆ టిక్ నమ్మి హెడ్ గారు సబ్మిట్ కొడతారు, అది ఇంకా ప్రమాదం.

విజయవాడ ఆడిటర్

ఆ విడదీయడం మంచి మాట. పాన్ భాగంతో సార్ట్ చేస్తే నిమిషంలో వస్తారు. కానీ పన్ను రేటు తప్పు ఒక్క రాష్ట్రపు కస్టమర్‌కీ పడుతుంది, అక్కడ మీ పద్ధతి ఆగిపోతుంది. కొత్తవాళ్లకి మొదటి మూడు నెలలు అన్నీ చూపించాలనే నా అభిప్రాయం. ఏ కస్టమర్ దగ్గర ఏ తప్పు వస్తుందో వాళ్లకి ఇంకా తెలియదు.

కొత్తగా చేరాను, హైదరాబాద్

థాంక్స్ అండి. పాన్ భాగంతో సార్ట్ చేశాను, మా లిస్టులో అలాంటి కస్టమర్లు నేననుకున్న దానికంటే చాలా ఎక్కువే ఉన్నారు. వాళ్ల పర్చేజ్ ఆర్డర్లు సేల్స్ టీమ్ మెయిల్స్‌లో ఉన్నాయి, మా చేతికి రావు. అవి బిల్లుతో పాటే అకౌంట్స్‌కి రావాలని హెడ్ గారిని అడగొచ్చా, లేక చేరిన నెలలోనే ఇలా అడిగితే బాగోదా?

లెక్కల పెద్దాయన, రాజమండ్రి

అడుగు. 11వ తేదీ రాకముందే అడుగు.