విశాఖ చెమటకు జింక్ క్రీమా, జెల్ సన్‌స్క్రీనా?

గాజువాక: రోజూ బండి మీద ఆఫీసుకు వెళ్తాను, చామనఛాయ. మెడికల్ షాపులో జింక్ ఆక్సైడ్ క్రీమూ, కెమికల్ ఫిల్టర్ల జెల్లూ చూశాను. రెండూ ఎస్‌పీఎఫ్ 50వే. మొహం తెల్లగా కనబడకుండా, కళ్లు మండకుండా ఏది నయం?

మద్దిలపాలెం: నెల రోజులుగా రెండూ మార్చి మార్చి రోజూ వాడుతున్నాను. జెల్ ఇట్టే ఇంకిపోతుంది, తెల్ల పొర ఉండదు. రాసేటప్పుడు మంట కూడా లేదు. బాధంతా తర్వాతే. హెల్మెట్ లోపల నుదుటికి పట్టిన చెమట కళ్లలోకి దిగిందంటే ఎన్ఏడీ జంక్షన్ చేరేసరికి నీళ్లు కారిపోతుంటాయి. జింక్ క్రీముతో ఆ మంట రాలేదు. కానీ జిడ్డుగా, బరువుగా ఉంటుంది. కనుబొమల్లో, గడ్డం అంచున తెల్లగా ఉండిపోతుంది, చెమట పడితే చారలు కడుతుంది. అయినా నా ఓటు జింక్‌కే. కళ్లు మూసుకుపోతుంటే బండి నడపలేం.

సీతమ్మధార: ఎక్కువ రాస్తున్నారు, అందుకే తెలుపు. బఠాణీ గింజంత తీసుకుని బాగా రుద్దండి, కనబడదు.

పెదవాల్తేరు: మందుల షాపులో ఫార్మసిస్టుగా చేస్తున్నాను. కనబడని మాట నిజమే అండీ, కానీ అంత తక్కువతో 50 రక్షణ రాదు. ఆ అంకె చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి పరీక్షించినది. మొహానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత కావాలి. అంతా ఒకేసారి కాకుండా సగం రాసి, అది ఆరాక మిగతా సగం అద్దండి, తెలుపు కొంత తగ్గుతుంది. ఐరన్ ఆక్సైడ్ కలిపిన టింటెడ్ జింక్ అయితే చామనఛాయలో ఇంకా బాగా కలిసిపోతుంది.

మంట ఎప్పుడు వస్తోందో గమనించండి. రాసిన వెంటనే బుగ్గలు చురుక్కుమంటే ఆల్కహాల్ ఉన్న జెల్ కావచ్చు, లేదా షేవింగ్ వల్లో రెటినాల్ వల్లో చర్మం ముందే రేగి ఉండవచ్చు. చెమట పట్టాక కళ్లు మాత్రమే మండితే అవోబెంజోన్ లాంటి ఫిల్టర్లు జారి కంట్లో పడుతున్నాయి. అలాంటప్పుడు జెల్ పారేయక్కర్లేదు. నుదుటికీ కళ్ల చుట్టూ జింక్, బుగ్గలకూ మెడకూ జెల్ రాసి చూడండి.

అక్కయ్యపాలెం: నాకు మంగు మచ్చలున్నాయి. ఈ రెండిట్లో దేనితో రంగు తేలుతుంది?

పెదవాల్తేరు: ఇవి రంగు తేల్చే క్రీములు కావమ్మా. మంగును ఎండతో పాటు కంటికి కనబడే వెలుతురు కూడా ముదరబెడుతుంది. ఐరన్ ఆక్సైడ్ ఆ వెలుతురును కొంత ఆపుతుంది కాబట్టి మీకు టింటెడ్ రకమే మేలు.

మద్దిలపాలెం: మరి మధ్యాహ్నం మళ్లీ రాయడమెలా? చెమట మీద జింక్ ముద్దలు కడుతోంది.

పెదవాల్తేరు: తడి మొహం మీద రాయకండి. కడుక్కుని, మెత్తని గుడ్డతో ఒత్తి, పూర్తిగా ఆరాకే రాయండి.

సీతమ్మధార: కొలత సంగతి ఒప్పుకుంటాను. టింటెడ్ మాత్రం ఒప్పుకోను. మా వైపు షాపుల్లో నేను చూసినవన్నీ ఒకే షేడ్, నా మొహం మీద నారింజ రంగు కొడుతోంది. చొక్కా కాలరుకూ అంటుకుంటోంది. దానికన్నా జెల్ రాసి, నుదుటికి హెల్మెట్ కింద గుడ్డ కట్టుకోవడం నయం.