రీవైండింగ్ మోటారుకు గ్యారంటీ చీటీలో ఏమని రాయాలి?

ప్రశ్న (పాలకొల్లు): చెరువుల ఏరియేటర్ మోటార్లకు వైండింగ్ చేస్తాను. ఆరు నెలల గ్యారంటీ అంటేనే రైతులు వస్తున్నారు, కానీ ఫేజు పోయి కాలిన మోటార్లను కూడా ఉచితంగా చుట్టమంటున్నారు. నష్టం రాకుండా చీటీ ఎలా రాయాలి?

కొత్త షాపు, తణుకు: కాలిన మోటారుకు గ్యారంటీ లేదని బోర్డు పెట్టండి. కాలడానికి ఎక్కువగా కరెంటే కారణం.

వైండింగ్ మేస్త్రి, భీమవరం: కరెంటు మాట కొంతవరకు నిజమే గాని, కాలడం మన తప్పు వల్ల కూడా జరుగుతుంది కాబట్టి ఆ బోర్డును ఏ రైతూ నమ్మడు. ఎలా కాలిందో విప్పి చూస్తే చాలావరకు తెలుస్తుంది. స్టార్ కనెక్షన్ మోటారులో రెండు ఫేజుల కాయిల్స్ నల్లబడి మూడవది బాగుంటే, ఒక ఫేజు పోయినట్టు. మూడూ సమానంగా మాడితే లోడు ఎక్కువైందో, ఓల్టేజీ తగ్గిందో అయి ఉంటుంది. ఒకే కాయిల్‌లో ఒకచోట చుట్లు కలిసి కాలితే మాత్రం నేను దానిని మన పనిగానే ఒప్పుకొంటాను.

చీటీలో ఇలా రాయండి: "ఆరు నెలలలోపు మా వైండింగ్ లోపం తేలితే ఉచితంగా చుడతాము. ఫేజు పోయి కాలితే సగం ధర తీసుకుంటాము. మోటారును మీ ఎదుటే విప్పుతాము." సగం ధర అని ఉంటే, పూర్తిగా కాదన్నారనే కోపం రైతుకు రాదు.

రొయ్యల రైతు, ఆకివీడు: ఒక షాపులో నా మోటారును నేను లేనప్పుడు విప్పి, నీరు చేరిందని డబ్బు తీసుకున్నారు. అంతకు ముందు సీలు మార్చింది వాళ్ళే. అది ఎవరి తప్పండి? అసలు రాత్రి ఏరియేటర్ ఆగితే తెల్లవారేసరికి రొయ్యలు తేలిపోతాయి, అప్పుడు ఉచిత వైండింగ్ నాకెందుకు? అద్దెకైనా మరో మోటారు ఇస్తామని రాయమనండి.

వైండింగ్ మేస్త్రి, భీమవరం: సీలు మార్చిన షాపే నీటికి బాధ్యత వహించాలి. పాత సీలు, బేరింగు చాలునని రైతు అంటే, ఆ మాట చీటీలో రాయించి సంతకం తీసుకోవాలి.

ఖర్చు లెక్క చూడండి. తిరిగి చుట్టడానికి తీగకు, కూలికి 1,800 రూపాయలు అవుతాయనుకుందాం. నూరు మోటార్లలో మన లోపంతో 5 వస్తే 9,000, అంటే ఒక్కో మోటారు ధరలో 90 రూపాయలు కలిపితే సరిపోతుంది. ఫేజు పోయినవి మరో 15 కూడా ఉచితంగా చుడితే అది 360 అవుతుంది, ఆ ధరకు పక్క షాపుతో పోటీ పడలేరు. ఒక ఫేజు పోగానే మోటారును ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ స్టార్టరుకు ఉన్న రైతుకు మాత్రం గడువు ఏడాదికి పెంచవచ్చు.

ప్రశ్న (పాలకొల్లు): ఎదుటే విప్పడం, సగం ధర రెండూ రాస్తాను. అద్దె మోటారు మాత్రం ఇప్పుడే రాయలేను, వర్షాకాలంలో ఒకేసారి పది మంది అడిగితే నా దగ్గర ఉన్నవి రెండే.

రొయ్యల రైతు, ఆకివీడు: ఆ రెండు ఎవరికి ముందు ఇస్తారో అదైనా రాయండి. అది లేని చీటీ పట్టుకుని నేను రాను.