పిల్లల ఐసీయూలో అడ్రినలిన్ సిరంజి: బరువును బట్టి కలపాలా, అందరికీ ఒకే డైల్యూషనా?

రాత్రిడ్యూటీ_నల్లగొండ

మా పిల్లల ఐసీయూలో ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా రాస్తున్నారు. సార్ ఏమో బిడ్డ బరువును 0.3తో గుణించి, అన్ని మిల్లీగ్రాముల అడ్రినలిన్‌ను 50 ఎం.ఎల్. సిరంజిలో కలపమంటారు, అప్పుడు గంటకు 1 ఎం.ఎల్. అంటే కిలోకు నిమిషానికి 0.1 మైక్రోగ్రామ్. మేడమ్ ఏమో ఏ బిడ్డకైనా 50లో 1 మిల్లీగ్రామే కలిపి రేటు లెక్కగట్టమంటారు. నిన్న 7 కిలోల బాబుకు అదే 0.1 డోసు ఒక లెక్కలో గంటకు 1, ఇంకో లెక్కలో 2.1 వచ్చింది. ఏది కరెక్టు? మీ దగ్గర ఏది నడుస్తోంది?

లెక్కల_మాస్టారు

నేను ఆసుపత్రి మనిషిని కాను, సూర్యాపేటలో లెక్కలు చెప్తాను, మా ఇంటావిడ స్టాఫ్ నర్సు కాబట్టి ఈ గొడవ మా ఇంట్లో కూడా నడిచింది. ఇందులో కొట్లాడుకోవడానికి ఏమీ లేదు, రెండూ ఒకటే.

```
mL/hr = (mcg/kg/min × kg × 60) ÷ (mcg/mL)
```

పైన 0.1 × 7 × 60, అంటే బాబుకు గంటకు 42 మైక్రోగ్రాములు కావాలి. సార్ సిరంజిలో 2.1 మిల్లీగ్రాములు 50లో ఉన్నాయి, అంటే ఎం.ఎల్.కు 42, కాబట్టి రేటు 1. మేడమ్ సిరంజిలో ఎం.ఎల్.కు 20, కాబట్టి 2.1. సార్ చెప్పిన 0.3 కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు, 60 నిమిషాలు, 50 ఎం.ఎల్., మైక్రోను మిల్లీ చేయడానికి వెయ్యి, ఇవన్నీ కలిస్తే 3 వస్తుంది, డోసు పదో వంతు కాబట్టి 0.3 అయింది. బిడ్డ ఒంట్లోకి పోయే మందు ఒకటే అయినప్పుడు ఈజీగా ఉన్నది పట్టుకోండి. మేడమ్ పద్ధతే కావాలంటే 2.1ని 2 చేసుకున్నా మునిగిపోయేదేం లేదు.

పాలమూరు_పిఐసీయూ

మాస్టారూ, మీ లెక్కకు నూటికి నూరు మార్కులు, తీర్పుకు మాత్రం సగమే. కాగితం మీద రెండూ ఒకటే, బెడ్ దగ్గర కాదు. నేను ఇంతకు ముందు పనిచేసిన చోట (పేరు వద్దు) జరిగింది చెప్తాను.

వేరే ఊరి నుంచి సెప్టిక్ షాక్‌లో ఉన్న బిడ్డ వచ్చింది, బరువు అదే 7 కిలోలు. వాళ్లు బరువును బట్టి కలిపిన అడ్రినలిన్ గంటకు 1 ఎం.ఎల్. పోతోంది. సిరంజి మీద స్టిక్కర్‌లో "అడ్రినలిన్, 1 ఎం.ఎల్./గంట" అని ఉంది తప్ప ఎంత కలిపారో లేదు. ఆ సిరంజి అయిపోతుంటే మా సిస్టర్ మా అలవాటు ప్రకారం 50లో 1 మిల్లీగ్రామ్ కలిపి కొత్తది ఎక్కించింది, పంపులో 1 ఎలా ఉందో అలాగే వదిలేసింది. లెక్క వేసి చూడండి, 20ని 60తో, మళ్లీ 7తో భాగిస్తే 0.05 కూడా రాదు. డోసు సగం కన్నా తక్కువకు పడిపోయింది, పంపు మాత్రం పచ్చ లైటు పెట్టుకుని హాయిగా తిరుగుతోంది.

అసలు మెలిక ఇంకోటి ఉంది. ఎక్స్‌టెన్షన్ లైన్‌లో దాదాపు 1 ఎం.ఎల్. పాత చిక్కటి మందు నిండి ఉంది. గంటకు 1 చొప్పున అది పోయే వరకు, అంటే దాదాపు గంట, బిడ్డ బాగానే ఉంది. తర్వాత గుండె వేగం పెరిగింది, కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి, గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావడానికి నాలుగు సెకన్లు దాటింది, బీపీ జారింది. సిరంజి మార్చి గంట అయింది కాబట్టి దాని మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఇన్ఫెక్షన్ ముదిరిందనుకుని ఫ్లూయిడ్ బోలస్ ఇచ్చాం. చివరికి మా రెసిడెంట్ ఒకతను డస్ట్‌బిన్‌లోంచి పాత సిరంజి తీసి, పంపిన చోటికి ఫోన్ చేసి అడిగితే బయటపడింది.

అందుకే నేను మేడమ్ వైపు. అమెరికాలో జాయింట్ కమిషన్ ఈ "రూల్ ఆఫ్ సిక్స్" పద్ధతి వదిలేసి స్థిరమైన డైల్యూషన్లు పెట్టుకోమని ఎప్పుడో చెప్పింది. బరువు బట్టి కలిపితే వార్డులో ఎన్ని బెడ్లుంటే అన్ని చిక్కదనాలు.

ఇక 2.1ని 2 చేస్తే ఐదు శాతం తక్కువ పోతుంది. అడ్రినలిన్‌ను ఎలాగూ బీపీ చూసి ఎక్కువ తక్కువ చేస్తాం కాబట్టి ప్రళయం రాదు, కానీ పంపు 2.1 తీసుకుంటున్నప్పుడు 2 ఎందుకు పెట్టాలి?

పాత_సిస్టర్

డాక్టర్ గారూ, మీరు చెప్పిన దాంట్లో తప్పు పద్ధతిది కాదు, స్టిక్కర్‌ది. ఎంత కలిపారో రాయకపోతే మీ పద్ధతిలోనూ అదే జరుగుతుంది.

నాకు 19 ఏళ్ల సర్వీసు. రాత్రి ఆరు బెడ్లకు ఇద్దరం ఉంటాం. బరువు బట్టి కలిపిన సిరంజిలో 1 అంటే 0.1, 2 అంటే 0.2, అర అంటే 0.05, ఏ బిడ్డకైనా ఇంతే. నడుచుకుంటూ పోతూ పంపు వైపు చూస్తే చాలు డోసు తెలుస్తుంది. ఒకసారి కొత్తమ్మాయి 1.5 పెట్టబోయి 15 పెట్టింది, దూరం నుంచే కనపడి అరిచాను, ఎందుకంటే నా తలలో 15 అంటే 1.5 మైక్రోగ్రాములు, పిల్లలకు అంత ఇవ్వం. అదే స్థిరమైన డైల్యూషన్‌లో 15 అన్నది 30 కిలోల పిల్లవాడికి మామూలు నంబరే కావచ్చు, నాకెలా తెలియాలి? ప్రతి పంపు దగ్గర ఆగి లెక్క వేయాలా?

దేవరకొండ_నాన్న

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా పాప పోయిన సంవత్సరం హైదరాబాద్‌లో తొమ్మిది రోజులు ఐసీయూలో ఉండె. నేను అద్దంలోంచి ఆ మిషన్ నంబర్లే చూసుకుంటూ కూర్చునేవాణ్ణి. ఒకరోజు 4.2 ఉన్నది పొద్దున్నే 2.1 అయింది. మందు సగం తగ్గించిన్రు, పాప కోలుకుంటోందని ఊర్లో అందరికీ ఫోన్ చేసి చెప్పిన. సాయంత్రం డాక్టర్‌ను అడిగితే మందు తగ్గలేదు, అట్లనే ఉందన్నరు. అబద్ధం చెప్పిన్రా అని ఇన్నాళ్లూ మనసులో ఉండిపోయింది. ఇప్పుడు పాప బాగుంది. ఆ మందు చిక్కగా కలిపితే నంబర్ తగ్గుతుందా?

పాలమూరు_పిఐసీయూ

దేవరకొండ అన్నా, మీ పాప ఫైలు నేను చూడలేదు, కానీ అవును, అలా జరుగుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైతే అదే మందును రెండింతలు చిక్కగా కలిపి సగం రేటుకు ఇస్తాం. మందు అంతే పోతుంది, నీళ్లు మాత్రం సగమే. కాబట్టి వాళ్లు చెప్పింది నిజమే అయి ఉండవచ్చు. పాప బాగుందన్నారు, సంతోషం.

సిస్టర్, మీ 15 మాట నాకు గట్టిగానే తగిలింది, ఒప్పుకుంటున్నా. దానికి మేము చేసుకున్న ఏర్పాటు ఏమిటంటే, బిడ్డ చేరిన గంటలోపు ఆ బరువుకు 0.05 నుంచి 0.5 వరకు ఏ డోసుకు ఎంత రేటో ఒక చిన్న పట్టిక రాసి పంపు స్టాండ్‌కు అంటిస్తాం. ఇద్దరు విడివిడిగా లెక్క కట్టి సంతకం పెట్టాలి. రెండో మనిషి లెక్కను వెనక నుంచి మొదలుపెట్టాలి, అంటే పంపులో ఉన్న రేటును ఎం.ఎల్.లో ఉన్న మైక్రోగ్రాములతో గుణించి, 60తో, బరువుతో భాగించాలి. 2.1 ఇంటు 20 అంటే 42, దాన్ని 60తో, 7తో భాగిస్తే 0.1. మొదటివాళ్ల కాగితం చూసి తల ఊపితే అది చెకింగ్ కాదు.

ఇంకో సంగతి, మీరు 2.1 మిల్లీగ్రాములు తీయాలంటే రెండు ఆంప్యూళ్లు పూర్తిగా, మూడోదాంట్లోంచి 0.1 ఎం.ఎల్. తీయాలి, అర్ధరాత్రి ఆ 0.1 ఎంత కచ్చితంగా వస్తుందో మీకే తెలుసు. స్థిరమైన దాంట్లో ఒక ఆంప్యూల్ మొత్తం లాగి, 5 శాతం డెక్స్‌ట్రోజ్‌తో 50 గీత దాకా నింపడమే.

బయోమెడ్_మిర్యాలగూడ

పంపులు బాగుచేసేవాణ్ణి కాబట్టి నా వైపు నుంచి ఒక మాట. మీరంతా 7 కిలోల బిడ్డనే పట్టుకున్నారు. 1.2 కిలోల పసిగుడ్డు వస్తే? 0.05 డోసుకు మేడమ్ సిరంజితో గంటకు 0.18 వస్తుంది. ఆ వేగంలో పిస్టన్ రబ్బరు సిరంజి లోపలి గోడకు అంటుకుని, ఆగి, మళ్లీ ఒక్కసారిగా కదులుతుంది, లైన్ బ్లాక్ అయితే అలారం రావడానికి కూడా చాలాసేపు పడుతుంది. సార్ పద్ధతిలో అదే 0.5, కొంచెం నయం. పైగా ఏ కంపెనీ సిరంజి పెట్టారో పంపులో సెట్ చేయకపోతే లోపలి వెడల్పు తేడా వల్ల మీ లెక్క ఏదైనా తప్పే పోతుంది. ఇది మాత్రం రోజూ చూస్తున్నా.

లెక్కల_మాస్టారు

అంటే నేను చెప్పినట్టు రెండూ ఒకటే కాదన్నమాట. సరే, ఓడిపోయా. మరి చిన్నవాళ్లకు ఇంకా పలచగా కలపొచ్చు కదా?

పాలమూరు_పిఐసీయూ

అదే చేస్తాం. ఒక్క డైల్యూషన్‌తో అందరికీ నడవదు, చిన్నవాళ్లకు 50లో అర మిల్లీగ్రామ్, అప్పుడు మీ పసిగుడ్డుకు 0.36 వస్తుంది, అది కూడా గొప్ప రేటేమీ కాదు, ఇక్కడ సిస్టర్ గారి పద్ధతే మేలని నాకూ అనిపిస్తుంది. పెద్ద పిల్లల్లో ఇబ్బంది వేరే. 30 కిలోలకు 0.3 డోసు అంటే మామూలు సిరంజితో గంటకు 27, రెండు గంటలు కూడా రాదు, మార్చిన ప్రతిసారీ బీపీ ఊగుతుంది. వాళ్లకు 50లో 4 మిల్లీగ్రాములు, రేటు 6.75. మొత్తం మూడే డైల్యూషన్లు, ఒక్కోదానికి ఒక్కో రంగు స్టిక్కర్.

పాత_సిస్టర్

మూడు రంగులు అంటే మూడు రకాలుగా తప్పు చేయొచ్చు. రంగు స్టిక్కర్ అయిపోయిన రోజు ఏం చేస్తారో కూడా చెప్పండి.

రాత్రిడ్యూటీ_నల్లగొండ

అందరికీ థాంక్స్. మేడమ్‌కు, సార్‌కు ఇద్దరికీ ఇది చూపించాను. ఏ పద్ధతి అన్నది ఇంకా తేలలేదు కానీ, ఇవాళ్టి నుంచి స్టిక్కర్ మీద రేటు రాయొద్దు, ఎన్ని మిల్లీగ్రాములు ఎంతలో కలిపామో, ఏ బరువుకు లెక్కేశామో రాయమన్నారు. సిరంజి మార్చాక గంటన్నర దాకా బీపీ మీద కన్నేయమన్నారు.

ఒక డౌటు మిగిలింది. అదే బాబు చేరినప్పుడు 7 కిలోలు, ఒళ్లు ఉబ్బి ఇవాళ తూకంలో 8.1 వచ్చాడు. సార్ పద్ధతిలో రాత్రి సిరంజికి 2.1 కలపాలా, 2.43 కలపాలా? పగటి సిస్టర్ 2.43 కలిపి పోయింది.

పాలమూరు_పిఐసీయూ

ఆ 1.1 కిలోలు నీరు, బాబు కాదు. మేము చేరిన రోజు బరువే పెట్టుకుని చివరిదాకా దాన్నే వాడతాం. కానీ ముందు మీ సార్‌కు ఇప్పుడే ఫోన్ చేయండి, ఎందుకంటే ఇప్పుడు సిరంజిలో ఎం.ఎల్.కు 48.6 ఉంది, 42 కాదు. రాత్రి మీరు మళ్లీ 2.1 కలిపి అదే రేటుకు ఎక్కిస్తే, గంట తర్వాత లైన్ ఖాళీ కాగానే డోసు దానంతట అదే పడిపోతుంది.