మిషన్, విజన్ రెండూ ఒకేలా వస్తున్నాయి, ఎక్కడ విడదీయాలి?

అందరికీ నమస్కారం. మేం ముగ్గురం కలిసి ల్యాప్‌టాప్‌లు రిపేరు చేసే చిన్న వ్యాపారం నడుపుతున్నాం. మిషన్, విజన్, విలువలు, ట్యాగ్‌లైన్ రాద్దామని కూర్చుంటే మొదటి రెండూ ఒకే వాక్యం అయిపోయాయి: "నాణ్యమైన సేవతో అగ్రస్థానంలో నిలవడం." మా పేరు తీసేసి ఏ వ్యాపారం పేరు పెట్టినా సరిపోతుంది. అందుకే కొట్టేశాను.

నాకు అర్థమైనంతవరకు మిషన్ అంటే ఈరోజు ఎవరికి ఏం చేస్తున్నామో. విజన్ అంటే ఆ పని బాగా సాగితే కొన్నేళ్లకు ఏం మారాలో. ఆ లెక్కన మిషన్: "పాడైన ల్యాప్‌టాప్‌ను బాగుచేసి, కొత్తది కొనే ఖర్చు తప్పిస్తాం." విజన్: "బాగుచేయగల ల్యాప్‌టాప్ ఏదీ చెత్తలోకి పోకూడదు."

విలువల దగ్గరే ఎక్కువ ఇబ్బంది. "నిజాయితీ" అని రాస్తే, పని దగ్గర ఏం చేయాలో అది చెప్పదు. మొన్న ఒకావిడ మదర్‌బోర్డు పోయిందని ఎవరో చెప్పారంటూ తెచ్చారు. విప్పి చూస్తే ఛార్జింగ్ పిన్ను వదులైంది, అంతే. దాన్నిబట్టి "అవసరం లేని భాగం మార్చం, మార్చిన పాత భాగం మీ చేతికే ఇస్తాం" అని రాశాను. దీనివల్ల మా ఆదాయం తగ్గే రోజులూ ఉంటాయి, అయినా పాటిస్తాం. ఇది విలువేనా, లేక కస్టమర్‌కిచ్చే హామీ అవుతుందా?

ట్యాగ్‌లైన్‌కి "పారేసే ముందు ఒకసారి చూపించండి" అనుకున్నాం. మిషన్‌నే కుదించి పెట్టాలని మా పార్ట్‌నర్ అంటున్నాడు. నాకైతే ట్యాగ్‌లైన్ కస్టమర్‌తో అనే మాట, మిషన్ మాకు మేం చెప్పుకునేది అనిపిస్తోంది. ఇలాంటివి రాసి వాడుతున్నవాళ్లు ఉంటే, ఎక్కడ తప్పుతున్నానో చెప్పగలరా?