రీబ్యాలెన్సింగ్: తేదీ ప్రకారమా, హద్దు దాటినప్పుడా?

నిదానస్థుడు: నా పోర్ట్‌ఫోలియోలో 60 శాతం షేర్ల ఈటీఎఫ్, 40 శాతం బాండ్ల ఈటీఎఫ్. నెలకోసారి ఈ నిష్పత్తికి తెచ్చుకుంటున్నాను. నా బ్రోకరు ఆర్డరు చిన్నదైనా పెద్దదైనా ఒకే రుసుము తీసుకుంటాడు. తేదీ మాట వదిలేసి, షేర్ల వాటా 60 నుంచి 65కో 55కో చేరేంతగా 5 శాతం తేడా వస్తేనే సరిచేయడం మేలని ఒక మిత్రుడు అంటున్నాడు. ఖర్చు లెక్క వేసి చూసినవారు చెప్పగలరా?

చుక్కాని: నేను ఏడాదికోసారి వెనకబడిన ఫండును తీసేసి, బాగా పెరిగినదాన్ని కొంటాను. ఖర్చు పెద్దగా ఏమీ ఉండదు.

లెక్కలపిచ్చి: చుక్కాని గారూ, మీరు చేస్తున్నది సరిగ్గా దీనికి తలకిందులు. ఆయన పెరిగినదాన్ని కొంత అమ్మి, తగ్గినదాన్ని కొంటున్నారు.

నిదానస్థుడు గారూ, మొత్తం 100 అనుకోండి. మొదటి నెల షేర్లు 5 శాతం పెరిగాయి: 60 కాస్తా 63 అయింది, మొత్తం 103. మీరు 1.2 విలువైన షేర్లు అమ్మి బాండ్లు కొన్నారు. రెండో నెల షేర్ల ధర మొదటి చోటికే తిరిగొచ్చింది. మళ్లీ దాదాపు 1.18 మేర షేర్లు కొన్నారు. ఏమీ చేయకుండా కూర్చున్నవారి దగ్గర 100 ఉంటే మీ దగ్గర 100.057 ఉంటుంది. బాగానే ఉంది కదా! కానీ దీనికి నాలుగు ఆర్డర్లు పట్టాయి. ఆర్డరుకు 0.02 చొప్పున పోయినా 0.08. లాభం కన్నా రుసుమే ఎక్కువ.

ఇంకో సంగతి. రెండో నెల కూడా షేర్లు 5 శాతం పెరిగి ఉంటే, కదలకుండా కూర్చున్నవారికి 106.15, మీకు 106.09. అంటే ఊగిసలాటలో దొరికిన 0.06 ఒకే దిశలో సాగే మార్కెట్లో పోతుంది. రుసుము మాత్రం రెండు సందర్భాల్లోనూ కట్టాల్సిందే.

సూటిమాట: అందుకే హద్దు పద్ధతి. అందులో ఖర్చు ఎప్పుడూ తక్కువే. 5 శాతం పెట్టుకుంటే పైకీ కిందికీ సమానంగా పనిచేస్తుంది, ఇక ఆలోచించాల్సింది లేదు.

లెక్కలపిచ్చి: ఆర్డర్లు తగ్గుతాయన్నది నిజం. సమానం అన్నది మాత్రం కాదు. బాండ్లు కదలకుండా ఉంటే, వాటా 60 నుంచి 65కు చేరాలంటే షేర్లు దాదాపు 24 శాతం పెరగాలి. 55కు దిగడానికి 18.5 శాతం పడిపోతే చాలు. పైగా 5 శాతమే వాటా ఉన్న ఆస్తికి ఇదే హద్దు పెడితే, అది సున్నా అయ్యేదాకా కింది హద్దు తగలదు! చిన్న వాటాలకు వాటి వాటాలో పావు వంతు తేడా అని పెట్టుకోవాలి. 5 అయితే 3.75 నుంచి 6.25 దాకా.

పాతకాపు: కింది హద్దు ఎప్పుడు తెగుతుందో కూడా చూడండి. మార్కెట్ కుప్పకూలినప్పుడే. అప్పుడు కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా బాగా పెరుగుతుంది. 2020 మార్చిలో కొన్ని బాండ్ల ఈటీఎఫ్‌లు తమ దగ్గరున్న బాండ్ల విలువ కన్నా తక్కువ ధరకు చేతులు మారాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే హద్దు పద్ధతి బాండ్లు అమ్మమంటుంది. ఆ ఖర్చు బ్రోకరు పంపే బిల్లులో కనిపించదు.

నిదానస్థుడు: అయితే హద్దు తెగాక పూర్తిగా 60కే తేవాలా, కొంచెం తెచ్చి ఆపాలా?

లెక్కలపిచ్చి: అది ఖర్చు ఏ రకమన్నదాన్ని బట్టి ఉంటుంది. పై లెక్కలో 65కు చేరేసరికి మొత్తం 114.3. పూర్తిగా 60కి తేవాలంటే 5.7 అమ్మాలి, 62.5 దగ్గర ఆగితే 2.86. కానీ 62.5 దగ్గర ఆగితే మళ్లీ 65 తగలడానికి 11 శాతం పెరుగుదల చాలు. మీది ఆర్డరుకు ఇంత అనే రుసుము కాబట్టి, ఎలాగూ కదిలారు, పూర్తిగా తెచ్చేయండి. అమ్మిన విలువను బట్టి ఖర్చు పడేవారు, లాభంపై పన్ను కట్టేవారు మధ్యలో ఆగడమే నయం.

మల్లెపందిరి: నేను ప్రతి నెలా కొత్తగా పెట్టే డబ్బును తగ్గిన వైపే వేస్తాను. అమ్మకం అనే మాటే రాదు.

పాతకాపు: పోర్ట్‌ఫోలియో పెరిగేకొద్దీ ఆ కొత్త డబ్బు చాలదమ్మా. మొత్తంలో అది అర శాతమే అయిన రోజున, 5 శాతం తేడాను అది ఎంత సరిచేస్తుంది?

సూటిమాట: సరే, హద్దును రోజూ చూడాలా? నేను రోజూ చూస్తాను.

పాతకాపు: నేను నెలకోసారి చూస్తాను, అదీ నెల చివర కాదు. పెద్ద పెన్షన్ ఫండ్లు చాలావరకు అప్పుడే సరిచేసుకుంటాయి, ముందే పసిగట్టి ఆ దారిలో కాచుకునేవారూ ఉంటారు.

సూటిమాట: మనం అమ్మే పిసరంతకు వాళ్లతో ఏం పని? నెలకోసారి చూస్తే, మధ్యలో 54కు పడి మళ్లీ 58కి లేచిన కదలిక మీకు కనిపించనే కనిపించదు.

పాతకాపు: కనిపించకపోతే ఆర్డరు ఖర్చు మిగిలినట్టే.

సూటిమాట: చౌకగా కొనే అవకాశం పోయినట్టే కూడా.